పదో తరగతి పిల్లలకు క్లాస్ టీచర్ రాసే ఆఖరి ఉత్తరం

మార్చి నెలాఖరుకో, ఏప్రిల్ మొదట్లోనో పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. ఆఖరి పేపరు రాసి పరీక్షా కేంద్రం గేటు దాటిన పిల్లవాడు ఆ రోజు నుంచి ఎవరి విద్యార్థి? బడి హాజరు పట్టీలో అతని పేరు ఇక పిలవరు. కాలేజీలో ఇంకా చేరలేదు. ఫలితాలు రావడానికి కొన్ని వారాలు పడుతుంది, ప్రవేశాలన్నీ ముగిసేసరికి జూన్, జూలై వచ్చేస్తాయి. ఈ మధ్యకాలంలో ఆ పిల్లల గురించి ఆరా తీసే బాధ్యత కాగితం మీద ఎవరికీ లేదు. వాళ్ల జీవితాల్లో పెద్ద నిర్ణయాలు జరిగిపోయేది మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే. ఏ గ్రూపు, ఏ ఊరు, చదువా పనా, కొందరు ఆడపిల్లల విషయంలో పెళ్లా అన్నవి ఆ వేసవిలోనే తేలిపోతాయి.

తెలుగు రాష్ట్రాల ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి పిల్లలకు వీడ్కోలు సభ జరపడం పాత ఆనవాయితీ. తొమ్మిదో తరగతి పిల్లలు చందాలు వేసుకుని రంగుకాగితాలు కడతారు, అందరూ మాట్లాడతారు, గ్రూపు ఫోటో దిగుతారు, కొందరు ఏడుస్తారు. ఈమధ్య చాలామంది క్లాస్ టీచర్లు ఆ రోజు పిల్లల చేతికి ఒక ఉత్తరం కూడా ఇస్తున్నారు. పదో తరగతికి క్లాస్ టీచరుగా పనిచేసిన అనుభవంతో ఒక మాట గట్టిగా చెప్పగలను. ఆ ఉత్తరం వీడ్కోలు రోజున చదివి మడిచి పెట్టుకునేది కాదు. ఎవరికీ చెందని ఆ వేసవి నెలల్లో పిల్లవాడి పక్కన నిలబడవలసిన కాగితం అది. ఆ పని చేయాలంటే దాన్ని ఎలా రాయాలో ఒక తరగతిని ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

అందరికీ సరిపోయే ఉత్తరం

ఇంగ్లండులోని లాంకషైర్‌లో బారోఫర్డ్ అనే ప్రాథమిక పాఠశాల ఉంది. 2014 జూలైలో అక్కడ ఆరో తరగతి ముగించి వెళ్లిపోతున్న పిల్లలకు జాతీయ పరీక్షల ఫలితాలతో పాటు బడి ఒక ఉత్తరం ఇచ్చింది. మీలో ప్రత్యేకమైనదాన్నంతా ఈ పరీక్షలు కొలవలేవు, వీటిని దిద్దేవాళ్లకు మీరెవరో తెలియదు అన్నది దాని సారాంశం. ఆ ఉత్తరం కొద్ది రోజుల్లో ప్రపంచమంతా తిరిగింది. తర్వాత తెలిసిందేమిటంటే, అందులోని మాటలు చాలావరకు అంతకు ఎన్నో ఏళ్ల ముందు ఒక అమెరికన్ ఉపాధ్యాయురాలు రాసినవి.

ఆ మాటలు మంచివే. ఫలితాల రోజున పిల్లలకు ఊరట కూడా ఇచ్చి ఉంటాయి. కానీ ఒక దేశంలో రాసినది మరో దేశంలో, ఎవరూ గుర్తుపట్టనంతగా అతికిపోయిందంటే, అందులో ఏ ఒక్క పిల్లవాడూ లేడని కూడా అర్థం. మన వీడ్కోలు ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. ఉన్నత శిఖరాలు, ఉజ్వల భవిష్యత్తు, ఓటమే గెలుపుకు మెట్టు వంటి మాటలుంటాయి. పిల్లలు వాటిని గౌరవంగా తీసుకుంటారు, మళ్లీ తెరవరు. మళ్లీ తెరిచి చూడాలంటే అందులో రెండు ఉండాలి. ఒకటి, తన గురించి మాత్రమే చెప్పగల మాట. రెండు, ఫలానా రోజున పనికొచ్చే సమాచారం.

పేర్లు గుర్తు తెచ్చుకునే పరీక్ష

మండల కేంద్రానికి కాస్త దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, పదో తరగతిలో నలభై మంది పిల్లలు అనుకుందాం. ఉత్తరం పని మొదలుపెట్టాల్సింది వీడ్కోలు సభ ముందు రోజు కాదు, డిసెంబరులో. మొదట చేయాల్సిన పని ఇది. హాజరు పట్టీ మూసేసి, తెల్లకాగితం మీద పిల్లల పేర్లు గుర్తొచ్చిన వరసలో రాయాలి. మొదటి పదిహేను పేర్లు చకచకా వస్తాయి. బాగా చదివేవాళ్లు, బాగా అల్లరి చేసేవాళ్లు, లీడరు, పాటలు పాడే అమ్మాయి ఆ పదిహేను మందిలో ఉంటారు. ఆ తర్వాత కలం ఆగుతుంది. ముప్పై దాటాక ఎవరు మిగిలారో తెలుసుకోవడానికి పట్టీ తెరవక తప్పదు.

అలా చివరికి మిగిలిపోయిన ఆరుగురో ఏడుగురో ఈ ఉత్తరానికి అసలైన పాఠకులు. వాళ్లు సాధారణంగా మధ్య బెంచీల్లో కూర్చుంటారు, మార్కులు అటూ ఇటూ కాకుండా వస్తాయి, సెలవులు తక్కువ, ఫిర్యాదులు లేవు. ఏడాదంతా వాళ్లను ఎవరూ తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. టీచరు తనను చూశాడా లేదా అన్న ప్రశ్న వాళ్లలో ఉంటుంది, కానీ పైకి అడగరు. డిసెంబరులో ఈ జాబితా చేతికొస్తే పరీక్షలకు ముందు రెండు మూడు నెలల సమయం ఉంటుంది. ఆ పిల్లల్ని ప్రార్థనలో, ల్యాబులో, మధ్యాహ్న భోజనం వరసలో, సాయంత్రం స్టడీ అవర్‌లో కాస్త గమనించి చూస్తే చాలు, రాయడానికి ఏదో ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. సైన్సు రికార్డులు, ప్రాజెక్టు పుస్తకాలు కూడా ఒకసారి తిరగేయాలి. పక్క బెంచీ వాళ్లను మాటల్లో అడిగితే టీచరు కంటపడనివి వాళ్లు చెబుతారు.

ఉత్తరంలో ఉమ్మడి భాగం అందరికీ ఒకటే, దాన్ని జిరాక్స్ తీయవచ్చు. కింద నాలుగు గీతలు ఖాళీగా వదలాలి. ఆ నాలుగు గీతల్లో ఆ పిల్లవాడి పేరుతో చేత్తో రాసే మాటలుంటాయి. రోజుకు నలుగురికి రాస్తే పది రోజుల్లో నలభై పూర్తవుతాయి. ఒకే రాత్రి కూర్చుని నలభై రాస్తే ఇరవై దాటాక మాటలు తిరిగి అవే వస్తాయి. పిల్లలు ఉత్తరాలు అందుకున్న పది నిమిషాల్లోనే ఒకరివొకరు చూసుకుంటారు. ఇద్దరికి ఒకే వాక్యం కనిపించిందా, నలభై ఉత్తరాలూ ఒక్కసారిగా విలువ కోల్పోతాయి.

చేత్తో రాసే నాలుగు గీతలు

ఈ గీతల్లో పొగడ్త కంటే సాక్ష్యం ఉండాలి. నేను పాటించే పద్ధతి చిన్నది. నేను చూసినదేమిటి, ఎక్కడ చూశాను, అది కొత్త చోట ఎలా పనికొస్తుంది అన్న మూడూ అందులో ఉండేలా చూస్తాను.

పెద్దగా మాట్లాడని ఒక అమ్మాయికి ‘నువ్వు చాలా మంచి అమ్మాయివి, కష్టపడితే పైకొస్తావు’ అని రాయవచ్చు. అందులో ఆ అమ్మాయి లేదు. దాని బదులు ఇలా రాయవచ్చు: ‘జీవశాస్త్రం రికార్డులో గుండె బొమ్మ నువ్వు మూడుసార్లు చెరిపి గీయడం చూశాను. నాలుగోసారి గీసినది పుస్తకంలో బొమ్మకంటే స్పష్టంగా ఉంది. ఆ ఓపిక నీది. కాలేజీలో అర్థం కానిది ఉంటే మొదటి వారంలోనే ఒకసారి లేచి అడుగు. రెండోసారి అడగడం తేలికవుతుంది.’

అల్లరివాడని ముద్ర పడిన అబ్బాయికి అల్లరి మానమని ఆఖరి రోజున చెప్పి ప్రయోజనం లేదు. ‘భోజనాల వరసలో ఆరో తరగతి పిల్లల్ని ముందు నిలబెట్టి, తోసేవాళ్లను ఆపింది నువ్వు. నీ మాట పదిమంది వింటారు. కొత్త చోట ఆ పదిమందిని ఎటు నడిపిస్తావో నువ్వే నిర్ణయించుకోవాలి’ అని రాస్తే, అది వాడి గురించే అని వాడికి తెలుస్తుంది.

పత్తి ఏరే రోజుల్లో కూలికి వెళ్లి బడి మానేసిన పిల్లవాడి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ‘ఇంట్లో ఇబ్బందులున్నా చదువుకున్నావు’ అని రాస్తే అది మెచ్చుకోలే. కానీ ఆ ఉత్తరం స్నేహితులు చదువుతారు, తల్లిదండ్రులు వింటారు, పిల్లవాడు తలదించుకోవలసి వస్తుంది. ‘రాలేకపోయిన ప్రతిసారీ తిరిగొచ్చిన రోజునే నోట్సు అడిగి తీసుకుని, వారం తిరక్కుండా లెక్కలన్నీ పూర్తి చేశావు. వెనకబడితే అందుకోవడం నీకు తెలుసు’ అని రాస్తే విషయం అదే, అవమానం లేదు.

ఇందుకే కొన్నిటిని ఉత్తరంలోకి అసలు రానివ్వకూడదు. మార్కులు, ర్యాంకులు, ఇంకొకరితో పోలిక, ఇంట్లో తాగుడు, అప్పులు, కులం, అబ్బాయిలూ అమ్మాయిల మధ్య స్నేహాల ప్రస్తావన, శరీరం గురించిన మాట ఏదీ అందులో ఉండకూడదు. టీచరు ఆప్యాయంగా రాసినా, ఇంట్లో అన్న చేతికి చిక్కితే అదే కాగితం అమ్మాయి చదువు ఆగిపోవడానికి కారణం కావచ్చు. రాసిన ప్రతి వాక్యాన్నీ ఆ పిల్లవాడి తండ్రి ముందు గట్టిగా చదవగలనా అని ఒకసారి అడిగి చూసుకుంటే సరిపోతుంది.

ఉమ్మడి ఉత్తరం

ఇప్పుడు పై భాగం చూద్దాం. ఇది ఆ నలభై మందికీ ఒకటే. తరగతి ఇంగ్లీషు మీడియమే అయినా ఉత్తరం తెలుగులోనే ఉండాలి, ఎందుకంటే చదవడం రాని అమ్మానాన్నలకు పిల్లలే దీన్ని చదివి వినిపిస్తారు. కాగితానికి పైన మూడు ఖాళీలుంటాయి: అడ్మిషన్ నంబరు, హాల్ టికెట్ నంబరు, పరీక్ష రాసిన నెల, సంవత్సరం. టీచరే వాటిని నింపి ఇస్తారు. ఆ తర్వాత ఉత్తరం ఇలా సాగుతుంది.

‘పిల్లలూ,

జూన్‌లో మనం ఈ గదిలోకి వచ్చినప్పుడు కిటికీ పక్క రెండు బెంచీలు వానకు తడిసేవి. ఆ బెంచీల వాళ్లకు చోటిమ్మని నేను చెప్పలేదు. ముగ్గురు కూర్చునే చోట మీరే నలుగురు సర్దుకున్నారు. స్టడీ అవర్ అయ్యేసరికి చీకటి పడితే, పక్క ఊరి ఆడపిల్లలు ఆటో ఎక్కేదాకా ఈ ఊరి పిల్లలు గేటు దగ్గరే ఉన్నారు. త్రికోణమితి అర్థం కాని వాళ్లకు మీలో ముగ్గురు డిసెంబరంతా భోజనాల విరామంలో చెప్పారు. పేర్లు రాయడం లేదు. ఎవరో మీకందరికీ తెలుసు. ఈ తరగతి గురించి ఎవరడిగినా నేను చెప్పేది ఇదే.

ఈ కాగితాన్ని హాల్ టికెట్ ఉన్న కవరులోనే పెట్టుకోండి. దీనితో మీకు ఇంకో రెండుసార్లు పని ఉంది.

ఫలితాలు వచ్చిన రోజు ఇక్కణ్నుంచి చదవండి. ఫలితం ఎలా వచ్చినా మర్నాడు పొద్దున పది గంటలకు బడికి రండి. టీచర్లలో ఎవరో ఒకరం తప్పకుండా ఉంటాం. ఒక సబ్జెక్టు తప్పితే తప్పింది ఆ ఒక్కటే. సప్లిమెంటరీ పరీక్ష ఈ వేసవిలోనే ఉంటుంది. అందులో పాసైతే ఈ ఏడాదే కాలేజీలో చేరవచ్చు, సంవత్సరం పోదు. కానీ దానికి ఫీజు కట్టే గడువు కొద్ది రోజులే, అదీ బడి ద్వారానే కట్టాలి. అందుకే ఇంట్లో కూర్చోకండి. మనసు మరీ బరువుగా ఉంటే, ఎవరితోనూ చెప్పుకోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు.

కాలేజీలో చేరే ముందు ఇక్కణ్నుంచి చదవండి. ఇంటర్ ఒక్కటే దారి కాదు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, దానికి పాలిసెట్ రాయాలి. ఆ దరఖాస్తు ఫలితాల కోసం ఆగదు, ముందే పెట్టాలి. ఐటీఐలో చేతిపని నేర్పుతారు, కోర్సును బట్టి ఏడాదో రెండేళ్లో ఉంటుంది. ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీదే సీటు ఇస్తారు, వేరే ప్రవేశ పరీక్ష లేదు. ఎక్కడ చేరాలో తేలేదాకా టీసీగానీ మెమోగానీ ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇచ్చే ముందు ప్రతిదీ జిరాక్స్ తీయించుకోండి. మెమో రాగానే మీ పేరు, ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకోండి. తప్పుంటే వెంటనే బడికి తెచ్చి చూపించండి. కాలేజీలో చేరాక అసలు మెమో కోసం మళ్లీ ఒకసారి బడికి రావడం మరిచిపోకండి.

అమ్మానాన్నలకు నమస్కారం. మీ పిల్లల్ని మా దగ్గరకు పంపినందుకు ధన్యవాదాలు. అమ్మాయిని దూరం పంపడానికి భయపడేవాళ్లు కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాల గురించి ఒకసారి బడికి వచ్చి అడగండి. అక్కడే ఉండి ఉచితంగా ఇంటర్ చదువుకునే అవకాశం ఉంది, దరఖాస్తు మేమే నింపి పెడతాం.

ఈ కాగితం పైన రాసిన మొదటి నంబరు మన బడి రిజిస్టరులో మీ నంబరు. మీరెప్పుడొచ్చినా, ఆ నంబరు చెబితే ఆ కుర్చీలో ఎవరున్నా మీ పేజీ తీస్తారు.

మీ క్లాస్ టీచర్’

ఒక్కో మాట వెనక

ఉత్తరంలో మంచి పనులు చేసిన పిల్లల పేర్లు ఎందుకు లేవని ఎవరైనా అడగవచ్చు. ఉమ్మడి ఉత్తరంలో ముగ్గురి పేర్లు రాస్తే ముప్పై ఏడు మంది పేర్లు రాయనట్టు అవుతుంది. చేసిన పని రాస్తే చేసినవాళ్లకు గౌరవం దక్కుతుంది, మిగిలినవాళ్లకు అది తమ తరగతి పని అనిపిస్తుంది.

ఫలితాల మర్నాడు బడికి రమ్మనడం ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం. పదో తరగతి తప్పిన పిల్లలు ఏడాది పోగొట్టుకోవడానికి చాలాసార్లు కారణం ఆ సబ్జెక్టు కష్టం కావడం కాదు, సిగ్గు. పాసైన స్నేహితుల కంట పడకూడదని ఇంట్లోనే ఉండిపోతారు. అమ్మానాన్నలకు సప్లిమెంటరీ గడువు గురించి తెలియదు. సిగ్గు కాస్త తగ్గి బడికి వచ్చేసరికి తేదీ దాటిపోతుంది. అప్పుడు మిగిలేది వచ్చే ఏడాది పరీక్ష, లేదా ఓపెన్ స్కూల్. రెండూ మంచి దారులే, కానీ కొన్ని రోజుల మౌనం వల్ల ఒక సంవత్సరం పోయినట్టే. పాసైనవాళ్లనీ తప్పినవాళ్లనీ కలిపి రమ్మన్నామంటే, గేటు దాటి లోపలికి వచ్చే పిల్లవాణ్ని చూసి ఫలానా కోవవాడని ఎవరూ అనుకోలేరు.

ఆ వాక్యం రాసే ముందు ఒక పని చేసి తీరాలి. ఫలితాలు వచ్చేది వేసవి సెలవుల్లో. ఆ రోజు బడి తాళం తీసి ఉంటుందా, ఎవరు కూర్చుంటారు అన్నది హెడ్మాస్టరుతో, తోటి టీచర్లతో ముందే మాట్లాడి ఒప్పించుకోవాలి. ధైర్యం కూడదీసుకుని వచ్చిన పిల్లవాడికి తాళం కనిపిస్తే, ఆ ఉత్తరం రాయకపోవడమే మేలయ్యేది. ఊళ్లో ఉండే టీచరో, అటెండరో ఆ ఒక్క రోజు బాధ్యత తీసుకుంటే సరిపోతుంది. పదకొండు గంటలకు రాని వాళ్ల జాబితా చూసి ఫోన్లు చేయడం కూడా ఆ పనిలో భాగమే. తప్పినవాళ్లలో రానివాళ్ల ఇళ్లకు ముందు వెళ్లాలి.

టీసీ, మెమో గురించి ఉత్తరంలో అంత చోటు ఎందుకంటే, ఆ వేసవిలో పిల్లల ఇళ్లకు టీచర్లు వెళ్లినా వెళ్లకపోయినా ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు వెళతారు. పరీక్షలు కాకముందే అడ్వాన్సు కట్టించుకునేవాళ్లూ ఉన్నారు. అసలు సర్టిఫికెట్లు ఒకసారి కాలేజీకి వెళ్లాక, అక్కడ నచ్చక మారాలంటే వాటిని వెనక్కి తెచ్చుకోవడం పెద్ద గొడవ. పుట్టిన తేదీకి పదో తరగతి మెమో జీవితాంతం రుజువుగా నిలుస్తుంది. అందులో పేరులో ఒక అక్షరం, ఇంటిపేరులో ఒక పొల్లు తేడా ఉంటే ఆధార్‌తో సరిపోదు. ఉద్యోగంలోనో, పాస్‌పోర్టు దగ్గరో ఆ తేడా బయటపడుతుంది. తప్పు కనిపించిన వెంటనే ప్రధానోపాధ్యాయుడి ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి రాస్తే బడి రికార్డు చూపించి దిద్దించుకోవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ అది కష్టమవుతుంది. అసలు మెమోలు బడికి వచ్చేసరికి పిల్లలు కాలేజీల్లో చేరిపోయి ఉంటారు. ఇంటర్నెట్ మెమోతో పని జరిగిపోయింది కదా అని చాలామంది తిరిగి రారు. ఏ ఉన్నత పాఠశాల బీరువా తెరిచినా పాత మెమోలు కొన్ని కట్టగా కనిపిస్తాయి.

అడ్మిషన్ నంబరును కాగితం నెత్తిన రాయడానికీ కారణం ఉంది. బడిలో చేరిన ప్రతి పిల్లవాడికీ ప్రవేశ రిజిస్టరులో ఒక వరుస సంఖ్య ఉంటుంది. పిల్లలకు రోల్ నంబరు తెలుసు, ఇది తెలియదు. పదేళ్ల తర్వాత టీసీ పోయిందనో, స్టడీ సర్టిఫికెట్ కావాలనో వచ్చినప్పుడు ఆఫీసులో మొదట అడిగేది అదే. ఏ సంవత్సరం చేరారో కూడా సరిగ్గా గుర్తులేకపోతే పాత రిజిస్టర్లన్నీ వరసగా తిరగేయాలి. ఆ సంఖ్య ఉంటే కాసేపట్లో పని అయిపోతుంది.

అమ్మాయిల గురించి రాయని మాట

అమ్మానాన్నలకు రాసిన పేరాలో పెళ్లి అన్న మాట లేదు. అది మరిచిపోయి వదిలింది కాదు. పదో తరగతి పరీక్షలు ముగిసే రోజులూ, పెళ్లి ముహూర్తాల రోజులూ మన దగ్గర ఒకటే. పదిహేను పదహారేళ్ల అమ్మాయికి సంబంధం చూసే ఇంట్లో తల్లిదండ్రులు తరచూ చెప్పే కారణం కాలేజీ దూరం, బస్సు లేదు, హాస్టలు ఖర్చు అని. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి. దాన్ని ఉత్తరంలో హెచ్చరికగా రాస్తే, ఆ ఆలోచన లేని ఇళ్లవాళ్లు నొచ్చుకుంటారు, ఆ ఆలోచన ఉన్నవాళ్లు ఉత్తరాన్ని దాచేస్తారు. వాళ్లు చెప్పే కారణానికే జవాబు రాస్తే, ఉండటానికి చోటు, ఉచిత చదువు, దరఖాస్తు నింపే మనిషి ఉన్నారని చెబితే, ఆ తల్లి బడి మెట్లెక్కే అవకాశం ఉంటుంది. అన్ని కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ ఉండదు కాబట్టి, దగ్గరలో ఎక్కడుందో టీచరు ముందే కనుక్కుని ఉండాలి.

చట్టం సంగతి, 1098 నంబరు సంగతి పిల్లలకు తెలియాలి. అవి ఉత్తరంలో కాకుండా తరగతిలో, అందరికీ కలిపి, పరీక్షలకు ముందే చెప్పాలి. ఏ అమ్మాయికైనా ఇంట్లో మాటలు మొదలయ్యాయని అనుమానం ఉంటే, చేత్తో రాసే గీతల్లో దాని ఊసే ఎత్తకూడదు. ఒక టీచరమ్మ ఆ అమ్మాయితో విడిగా మాట్లాడాలి. ఉత్తరం చేయలేని పనుల్లో ఇది మొదటిది.

ఫోన్ నంబరు విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. క్లాస్ టీచరు తన సొంత నంబరు ఒక్కటే రాసి ఎప్పుడైనా చేయమనడం కంటే, బడి నంబరు, ఒక టీచరమ్మ నంబరు, ఒక సార్ నంబరు వరసగా రాసి, ఏ వేళల్లో చేయవచ్చో కూడా చెబితే పిల్లలకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ సంకోచం ఉండదు.

ఎప్పుడు ఇవ్వాలి, తర్వాత ఏం చేయాలి

వీడ్కోలు సభలో మైకు ముందు ఉత్తరం మొదటి పేరా మాత్రం చదివితే బాగుంటుంది. తరగతి కలిసి వినాల్సింది అదే. మిగతాదంతా చేతికివ్వాలి. సభకూ మొదటి పరీక్షకూ మధ్య రెండు మూడు రోజులే ఉంటే, ఇవ్వడం మరికాస్త ముందుకు జరపడం మంచిది. పరీక్ష భయంలో ఉన్న పిల్లలకు సప్లిమెంటరీ అన్న మాట చూడగానే ‘సార్ నేను తప్పుతానని అనుకుంటున్నారు’ అనిపించవచ్చు. అందుకే ఇచ్చేటప్పుడే ఆ పేరాలు అందరి కాగితాల్లోనూ ఉన్నాయని, క్లాసులో మొదట నిలిచే అమ్మాయి కాగితంలో కూడా ఉన్నాయని చెప్పాలి. సభకు రాని పిల్లల ఉత్తరాలు స్నేహితుల చేతికి ఇవ్వకుండా హాల్ టికెట్ తీసుకోవడానికి వచ్చినప్పుడు వాళ్లకే ఇవ్వాలి.

ఇంకొక సంగతి ఉంది. ప్రభుత్వ ఉపాధ్యాయులకు బదిలీలు ఉంటాయి. అవి తరచు వేసవిలోనే జరుగుతాయి. ‘నేనెప్పుడూ మీకోసం ఇక్కడే ఉంటాను’ అని రాసిన టీచరు జూన్‌లో మరో మండలంలో ఉండవచ్చు. ఆ మాట నమ్మి వచ్చిన పిల్లవాడు కొత్త టీచరును చూసి వెనుదిరిగిపోతాడు. అందుకే పైన ఉత్తరంలో ‘నా దగ్గరకు రండి’ అని ఎక్కడా లేదు, బడికి రండి అనే ఉంది. ఆ మాట నిలబడాలంటే ఉమ్మడి ఉత్తరం ప్రతి ఒకటి హెడ్మాస్టరు గదిలోని ఫైలులో ఉండాలి. దానికి నలభై మంది పేర్లు, అడ్మిషన్ నంబర్లు ఉన్న పట్టిక జత చేయాలి. ఎవరు ఎక్కడ చేరారు, ఎవరు సప్లిమెంటరీ రాస్తున్నారు, ఎవరి మెమో ఇంకా బీరువాలో ఉంది అన్నవి ఆ పట్టికలో జూలై చివరిదాకా నింపుతూ పోవాలి. టీచరు మారితే ఆ ఫైలు కొత్త టీచరు చేతికి వెళుతుంది.

ఆ పట్టికలో ఎవరి పేరు ఎదురుగానైనా ఏమీ రాయకుండా మిగిలిపోతే, ఉత్తరం పని ఇంకా పూర్తికాలేదని అర్థం. ఆ పిల్లవాడి ఇంటికి ఎవరో ఒకరు వెళ్లాలి. జూలైలో వెళ్లినా ప్రవేశాలకు ఇంకా సమయం ఉంటుంది, సెప్టెంబరులో వెళితే ఉండదు.